ఏనుగు మంచిదే, మరి ఊపిరాడలేదేం?

మొన్న తెల్లవారుజామున కలలో ఆఫీసు లిఫ్టులోకి ఏనుగొచ్చింది. నన్నేం చేయలేదు. ఊరికే నిలబడింది. నాకే చోటు లేక ఊపిరాడలేదు. చెమటలతో లేచి అమ్మమ్మకు ఫోన్ చేశా.

"ఏనుగా! లక్ష్మి రా నాన్నా. తెల్లారగట్ల వచ్చిన కల త్వరగా ఫలిస్తుంది" అని సంబరపడింది. పంచాంగంలో స్వప్న ఫలాలూ అంతే. ఏనుగైతే ఐశ్వర్యం, గుర్రమెక్కితే పనిలో విజయం, కోతి కనిపిస్తే కీడు.

"మరి పోయిన నెల కలలో కోతి నా భుజమెక్కి పల్లీలు తింటే నవ్వుతూ లేచాగా?" అన్నా.

అమ్మమ్మ రోజూ సుందరకాండ చదువుతుంది. "త్రిజట కలలో రాముడు నాలుగు దంతాల ఏనుగు మీద కనిపించాడు. అది శుభమే. కానీ సీతమ్మ హనుమంతుణ్ని చూసి, కలలో కోతి కనిపిస్తే కీడని శాస్త్రం కదా అని హడలిపోయింది. నిద్రే లేని నాకు కలెక్కడిదని తనకు తనే సర్దిచెప్పుకుంది. చివరికి రాముడి కబురు తెచ్చింది ఆ కోతే" అంది. కాసేపాగి, "లిఫ్టులో అనిపించినట్టు మెలకువలో కూడా అనిపిస్తోందా?" అని అడిగింది.

మాట రాలేదు. మూడు నెలలుగా ఇద్దరి పని ఒక్కణ్నే చేస్తున్నా. ఆ రోజే మేనేజర్‌కి చెప్పేశా. ఒక మాడ్యూల్ వేరేవాళ్లకిచ్చారు.

ఇప్పుడు లేవగానే ముందు ఎలా అనిపించిందో ఫోన్‌లో రాసుకుంటా, ఫలం తర్వాత చూస్తా. నిన్న గుర్రం వచ్చింది. ఎక్కలేదు, పక్కనే నడిచా. దానికి పంచాంగంలో ఫలం దొరకలేదు. నాకైతే హాయిగా ఉంది.