యాడ్‌లా ఉండకూడదు

మా బావ నీలగిరి నుంచి ఆర్గానిక్ టీ తెప్పించి, వంద గ్రాముల ప్యాకెట్లు కట్టి అమ్ముతాడు. సంక్రాంతి సెలవుల్లో ఇంటికెళ్తే, "ఇన్‌ఫ్లుయెన్సర్‌కి బ్రీఫ్ పంపాలిరా, నువ్వు రాసిపెట్టు" అన్నాడు. ఏం తియ్యాలి, ఏం అనకూడదు, డబ్బెంత అని ముందే రాసిచ్చే కాగితం అది. అరగంటలో రాసేశా. అందులో "చూస్తే యాడ్‌లా ఉండకూడదు, ఫ్రెండ్ చెప్పినట్టుండాలి" అన్న లైన్ నాకే తెగ నచ్చింది.

వంటల రీల్స్ చేసే ఆ అక్క నుంచి రెండే ప్రశ్నలొచ్చాయి. "కొన్ని స్టోరీలు అన్నావు, కొన్ని అంటే ఎన్ని? డబ్బు తీసుకుని, తీసుకోనట్టు నటించాలా తమ్ముడూ?"

మొదటిది తేలికే. ముప్పై సెకన్ల రీల్ ఒకటి, స్టోరీలు రెండు, పోస్ట్ చేసే ముందు మాకు చూపించాలి, మార్పులు ఒక్కసారే అడుగుతాం, నాలుగు వేలు, రెండు ప్యాకెట్లు అని మార్చా.

రెండోదానికే సిగ్గేసింది. నేను #collab అని రాయమన్నాను గానీ, పద్నాలుగు హ్యాష్‌ట్యాగుల చివర. "మోర్" నొక్కితే తప్ప కనపడదు. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో పెట్టిన రూల్స్ తీసి చదివా. లేబుల్ అలా దాచకూడదు. పదిహేను సెకన్లు దాటి రెండు నిమిషాల లోపున్న వీడియోలో మూడో వంతు సేపు కనపడాలి. అంటే మన రీల్‌లో పది సెకన్లు. డబ్బివ్వకుండా ఊరికే ప్యాకెట్లిచ్చినా చెప్పాల్సిందే. కాబట్టి "మొదటి పది సెకన్లు తెర మీద 'యాడ్' అని, క్యాప్షన్‌లో మొదటి మాట కూడా అదే" అని రాశా.

ఇక టోన్. "డీటాక్స్, బరువు తగ్గిస్తుంది" కొట్టేశా. ప్యాకెట్ మీద జైవిక్ భారత్ గుర్తుంది కాబట్టి ఆర్గానిక్ అనొచ్చు. కానీ ఆ మాట ఆకు ఎలా పండిందో చెప్తుంది, తాగినవాళ్లకి ఏమవుతుందో కాదు. తర్వాత ఇంకో లైన్ కలిపా: "నచ్చనిది ఉంటే చెప్పొచ్చు."

బావకి అక్కడే మండింది. "నాలుగు వేలిచ్చి తిట్టించుకోవాలా?" మనం ఇచ్చేది వీడియో తీసినందుకు, మెచ్చుకున్నందుకు కాదు అన్నా. రెండ్రోజులు మాట్లాడలేదు. అక్కయ్య సర్దిచెప్పాక ఆ లైన్ ఉంచనిచ్చాడు.

రీల్ వచ్చింది. మూల మీద "యాడ్". అక్క కప్పు పట్టుకుని, "పాలు పోస్తే పల్చగా అయిపోయింది, నాకైతే నచ్చలేదు. పాలు లేకుండా, మూడు నిమిషాలు నాననిచ్చి తాగితే బాగుంది" అంది.

బావ అది రెండుసార్లు చూసి, ఏమీ అనకుండా కొత్త ప్యాకెట్ల లేబుల్ ఫైల్ నాకు పంపాడు. "పాలు లేకుండా, మూడు నిమిషాలు" అని ఎక్కడ పెడితే బాగుంటుందో చూడమన్నాడు.