ఆకు తిప్పితే తెలిసే పురుగు

మొక్క ఫొటోలో పురుగు దొరకడం అరుదు. దొరికేది అది తిన్న తీరు, వదిలిన రెట్ట, అల్లిన దారం. హైదరాబాద్ శివారులో ఎండాకాలం మేము చూసిన ఒక మిద్దెతోటలో ఈ గుర్తులను చదివే పని చాలా శ్రద్ధగా జరుగుతోంది. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన తోట అది. చుట్టుపక్కల మొక్కలు పెంచేవాళ్లు ఫోన్లో ఫొటోలు తెచ్చి ఆయనకు చూపిస్తారు.

ముందుగా చూసేది కొరికిన చోటు అంచు. అంచు వంకరటింకరగా ఉండి, కింది ఆకు మీద ఆవగింజల్లాంటి నల్లటి రెట్ట పడి ఉంటే అది గొంగళి పురుగు పని. అది ఎక్కువగా రాత్రిపూట తింటుంది కనుక పగలు తీసిన ఫొటోలో ఉండదు. చీకటి పడ్డాక టార్చిలైటుతో వెతికి చేత్తో ఏరేస్తే చాలు. వంగ ఆకు చిల్లులు పడకుండా, పచ్చదనం గీకేసి ఈనెల జల్లెడలా మిగిలితే పెంకుపురుగునూ, ముళ్లున్న పసుపు రంగు పిల్లపురుగులనూ అనుమానించాలి. ఇక గులాబీ ఆకు అంచున కత్తెరతో తీసినట్టు నున్నటి అర్ధచంద్రాకారం కనిపిస్తే అది ఆకులు కోసే తేనెటీగది. ఆ ముక్కను అది తినదు, గూటిలో పిల్లలకు గదులు కట్టడానికి తీసుకుపోతుంది. పూలకు పరాగసంపర్కం చేసే తేనెటీగ కాబట్టి దానికి మందు కొట్టకూడదు.

దారాల విషయంలోనే ఎక్కువమంది పొరబడతారు. ఆ రోజు ఒకావిడ తెచ్చిన ఫొటోలో వంగ కొమ్మ చివర సన్నటి గూడు ఉంది. సాలీడు పట్టిందని ఆవిడ అనుమానం. ఫొటో ఆకు పైవైపు మాత్రమే చూపిస్తోంది. పైన ఉప్పు చల్లినట్టు లేత పసుపు చుక్కలు. “ఆకు తిప్పి ఇంకో ఫొటో తియ్యమ్మా, పక్కన రూపాయి బిళ్ల పెట్టు” అన్నారాయన. బిళ్ల ఉంటే పురుగు ఎంతదో తెలుస్తుంది. ఆవిడ వెంట తెచ్చిన రెమ్మలోని ఆకునే తిప్పి తీశారు. పెద్దది చేసి చూస్తే ఈనెల పక్కన చుక్కంత జీవులు, వాటి మధ్య దుమ్ము పట్టిన దారాలు. అది ఎర్రనల్లి.

నిర్ధారణకు ఆయన రెమ్మను తెల్లకాగితం మీద తట్టారు. రాలిన చుక్కల్లో కొన్ని మెల్లగా కదిలాయి. సాలీడు గూడైతే కొమ్మకూ కొమ్మకూ మధ్య విశాలంగా ఉంటుంది, ఆకు మీద చుక్కలు ఉండవు. సాలీడు పురుగుల్ని పట్టి తింటుంది కనుక దాన్ని అలాగే వదిలేయాలి.

నల్లి కీటకం కాదు, ఎనిమిది కాళ్ల జీవి. అందుకే కీటకాల మందులు చాలావరకు దాని మీద పనిచేయవు. పైగా నల్లిని తినే మిత్రజీవులు ఆ మందుకు చనిపోయి, బెడద ముందుకంటే పెరుగుతుంది. పొడి వేడిలో గుడ్డు పెద్ద నల్లి కావడానికి వారం, పదిరోజులు చాలు. ఒక్కసారి కడిగి ఊరుకుంటే మిగిలిన గుడ్లు పొదుగుతాయి. పొద్దున్నే పైపుతో ఆకుల అడుగుకు తగిలేలా, మొక్క విరగనంత జోరుగా నీళ్లు కొట్టాలి. రెండు మూడు రోజులకోసారి, రెండు వారాలపాటు. మొదటి మందు ఇదే. గూడు దట్టంగా కమ్మిన చివరలను కత్తిరించి సంచిలో మూటకట్టి పారేయాలి, ఎరువు గుంటలో వేయకూడదు.

అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె. నూనె నీటిలో కలవదు కనుక ముందు కొద్దిగా ద్రవ సబ్బుతో కలిపి, ఆపైన నీళ్లు కొంచెంకొంచెంగా పోస్తూ పాలలా అయ్యేదాకా గిలకొట్టాలి. మొదట ఒక్క ఆకు మీద చల్లి ఒకరోజు ఆగాలి. మాడకపోతే సాయంత్రం వేళ ఆకుల అడుగు తడిసేలా మొక్కంతా చల్లాలి. ఎండలో చల్లితే ఆకు కాలుతుంది. అడుగు తడవని ఆకుకు చల్లినా ఫలితం ఉండదు, ఎందుకంటే నూనె తగిలిన నల్లి మీదే పనిచేస్తుంది. వారం తర్వాత మళ్లీ చల్లాలి. నీళ్లు చాలక వాడిన మొక్క మీద బెడద ఎక్కువ కనుక కుండీ మట్టి ఎండిపోకుండా చూడాలి.

చుక్కలు పడ్డ పాత ఆకు మళ్లీ పచ్చబడదు. నల్లి పోయిందో లేదో తెలియాలంటే కొత్త చిగుళ్ల అడుగు భాగం చూడాలి. ఫొటో తెచ్చేవాళ్లు కూడా మొదట తీయవలసింది ఆకు అడుగునే.