మామ మిల్లు, 12,000 బేళ్ల లెక్క

మా మేనమామకి ఆదిలాబాద్‌లో చిన్న పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. పోయిన వేసవిలో ఆయన నా వాట్సాప్‌కి ఒక పెద్ద పీడీఎఫ్ పంపించాడు. దాని కింద ఒక వాయిస్ మెసేజ్. "అల్లుడా, ఇంజినీరింగ్ చదివినవ్ గదా, గిది జర సూడు. కొత్త మిషిన్లకు బ్యాంకోళ్లు 80 లక్షలు ఇస్తరట. ఇంటి కాయితాలు పెట్టాల్నట. పెట్టాల్నా, వద్దా?"

నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకునేవాణ్ణి. బీటెక్‌లో చదివిన ఎకనామిక్స్ పేపర్ ఎప్పుడో మర్చిపోయాను. కానీ ఇల్లు తాకట్టు అనేసరికి ఆ వారమంతా ఆఫీసు పని అయ్యాక ఎక్సెల్ తెరిచి కూర్చున్నాను. కింది అంకెలు మామ లెక్కల పుస్తకంలోంచి తీసి, మీకు గుర్తుండేలా రౌండ్ చేసినవి.

ముందు మిల్లు ఏం చేస్తుందో చెప్తాను. రైతు తెచ్చే పత్తిలో గింజ ఉంటుంది. జిన్నింగ్ మిషిన్ దూదిని, గింజని వేరు చేస్తుంది. దూదిని ప్రెస్‌లో బిగించి 170 కిలోల బేల్ కడతారు. క్వింటా పత్తికి సుమారు 34 కిలోల దూది వస్తుంది. అంటే ఒక్క బేల్‌కి దాదాపు ఐదు క్వింటాళ్ల పత్తి కావాలి. మామ మిల్లు ఎక్కువగా కూలికి ఆడుతుంది. పత్తి కాటన్ కార్పొరేషన్‌ది, అంటే సీసీఐది. మామ దాన్ని బేళ్లు చేసి ఇస్తాడు, బేల్‌కి ఇంత అని తీసుకుంటాడు. ఇక్కడ 1,400 రూపాయలు అనుకుందాం.

ఆ 1,400లో బేల్‌తో పాటే పోయే ఖర్చు 800. కరెంటు యూనిట్లు, హమాలీ, బేల్‌కి చుట్టే గుడ్డ, బిగించే తీగ, అరిగిపోయే రోలర్లు ఇందులోకి వస్తాయి. బేల్ కట్టకపోతే ఈ ఖర్చు లేదు. మిగిలే 600 రూపాయల్ని కాంట్రిబ్యూషన్ అంటారు. చాలామంది దీన్ని లాభం అనుకుంటారు. కాదు. ముందు ఇది మిల్లు తలుపు తెరిచి ఉంచడానికి అయ్యే ఖర్చు తీర్చాలి.

ఆ ఖర్చు ఏడాదికి 54 లక్షలు. ఫిట్టర్, సూపర్‌వైజర్, వాచ్‌మన్, గుమస్తా జీతాలు. హైటెన్షన్ కనెక్షన్‌కి వాడినా వాడకపోయినా కట్టే డిమాండ్ ఛార్జీ. పత్తి దగ్గర నిప్పు భయం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఇన్సూరెన్స్ కూడా గట్టిగానే అవుతుంది. పాత అప్పు తీరిపోయింది, మిషిన్ల విలువ పుస్తకాల్లో ఎప్పుడో కరిగిపోయింది. కాబట్టి ఈ 54 లక్షలూ దాదాపు చేతిలోంచి పోయే డబ్బే.

54 లక్షల్ని 600తో భాగిస్తే 9,000. తొమ్మిది వేల బేళ్లు కట్టేదాకా మామ కరెంటు డిపార్ట్‌మెంట్ కోసం, ఇన్సూరెన్స్ కంపెనీ కోసం పని చేస్తున్నట్టు. ఇదే బ్రేక్ ఈవెన్. రూపాయల్లో చెప్పాలంటే 1 కోటి 26 లక్షల అమ్మకం. 9,001వ బేల్ నుంచి వచ్చే ప్రతి 600 ఆయనవి. మంచి సీజన్‌లో 12,000 బేళ్లు ఆడితే కాంట్రిబ్యూషన్ 72 లక్షలు, మిగిలేది 18 లక్షలు.

ఇప్పుడు ఆపరేటింగ్ లివరేజ్. కాంట్రిబ్యూషన్‌ని లాభంతో భాగించాలి, అంతే. 72ని 18తో భాగిస్తే 4. బేళ్లు ఒక శాతం తగ్గితే లాభం నాలుగు శాతం తగ్గుతుంది అని దీని అర్థం. నమ్మకం కుదరకపోతే చేసి చూడండి: పది శాతం తగ్గి 10,800 అయితే కాంట్రిబ్యూషన్ 64.8 లక్షలు, లాభం 10.8 లక్షలు. 18తో పోలిస్తే సరిగ్గా నలభై శాతం పోయింది. పెరిగేటప్పుడూ ఇదే వేగం.

ఈ 4 అనేది మిల్లుకి అతికించిన నంబర్ ప్లేట్ కాదు. ఎక్కడ నిలబడి చూస్తున్నామో దాన్ని బట్టి మారుతుంది. 15,000 బేళ్ల దగ్గర అది 2.5. 10,000 దగ్గర చూస్తే ఏకంగా 10. బ్రేక్ ఈవెన్‌కి దగ్గరయ్యే కొద్దీ చిన్న కుదుపుకే లాభం మాయమవుతుంది. అందుకే "మన లివరేజ్ ఎంత?" అని ఎవరైనా అడిగితే, "ఎన్ని బేళ్ల దగ్గర?" అని తిరిగి అడగాలి.

ఇక పీడీఎఫ్. కొత్త ఆటోమేటిక్ లైన్ పెడితే పత్తి గాలి పైపుల్లో తానే మిషిన్ దాకా వెళ్తుంది, తట్టలతో మోసే పని పోతుంది. హమాలీ తగ్గి బేల్ ఖర్చు 800 నుంచి 650కి దిగుతుంది. కాంట్రిబ్యూషన్ 750. స్థిర ఖర్చులో మెషినరీ తరుగుదల పదేళ్లకి పంచి ఏడాదికి 8 లక్షలు, మెయింటెనెన్స్ 2 లక్షలు కలిపారు. మొత్తం 64 లక్షలు. బ్రేక్ ఈవెన్ 8,533 బేళ్లు. 12,000 దగ్గర లివరేజ్ 3.46. అంటే రిపోర్ట్ ప్రకారం కొత్త లైన్ పెడితే బ్రేక్ ఈవెన్ తగ్గింది, రిస్క్ తగ్గింది, లాభం 26 లక్షలకి పెరిగింది. చదివితే ఎవరికైనా సంతకం పెట్టాలనిపిస్తుంది.

మరి 80 లక్షల అప్పు ఏది? ఉంది, వెనక పేజీల్లో వేరే పట్టికలో ఉంది. రిపోర్ట్ రాసినాయన మోసమేం చేయలేదు. పుస్తకం ప్రకారం అదే కరెక్ట్. ఆపరేటింగ్ లివరేజ్ లెక్కలో వడ్డీ రాదు, దాన్ని ఫైనాన్షియల్ లివరేజ్‌లో చూడాలి. అసలు మొత్తమైతే లాభనష్టాల ఖాతాలోకే రాదు. ఆ మిషిన్ మంచిదా కాదా అన్న ప్రశ్నకి రిపోర్ట్ జవాబు చెప్పింది. మామ అడిగింది ఆ ప్రశ్న కాదు, ఇంటి కాయితాలు పెట్టాల్నా అని.

అందుకే నేను తరుగుదల తీసేసి, ఆ చోట బ్యాంకు కిస్తీ పెట్టాను. 80 లక్షలు, పది శాతం వడ్డీ, ఏడేళ్లు. నెలకి సుమారు 1.33 లక్షలు, ఏడాదికి 16 లక్షలు. దానికి మెయింటెనెన్స్ 2 లక్షలు. పాత 54కి 18 కలిస్తే 72 లక్షలు. దీన్ని 750తో భాగిస్తే బ్రేక్ ఈవెన్ 9,600. తగ్గలేదు, 600 బేళ్లు పైకి జరిగింది.

12,000 బేళ్ల దగ్గర కొత్త కాంట్రిబ్యూషన్ 90 లక్షలు, 72 పోతే మిగిలేది 18. పాత మిల్లుకీ అదే 18! తేడా అంతా దానికి అటూ ఇటూ ఉంది. కొత్త లెక్కలో 90ని 18తో భాగిస్తే 5. సీజన్ ఇరవై శాతం తగ్గి 9,600 బేళ్లే వచ్చాయనుకోండి. పాత మిల్లుతో చేతిలో 3.6 లక్షలు మిగులుతాయి. కొత్త మిల్లుతో సున్నా. 15,000 వస్తే పాత మిల్లు 36 లక్షలు, కొత్తది 40.5 లక్షలు ఇస్తుంది.

12,000 అనే గీత ఎలా వచ్చిందో చూడండి. ఏడాదికి అదనపు భారం 18 లక్షలు. బేల్‌కి ఆదా 150. భాగిస్తే 12,000. అంతకంటే ఎక్కువ ఆడే మిల్లుకే ఏడేళ్ల పాటు ఈ లైన్ గిట్టుబాటు.

"మామా, పోయిన ఐదు సీజన్లల్ల ఎన్ని బేళ్లు ఆడినవ్?" అని ఫోన్ చేసి అడిగాను. పుస్తకం తీసి చదివాడు: 13,200, 9,400, 12,500, 10,600, 11,300. సగటు 11,400. ఐదింట్లో గీత దాటినవి రెండే. 9,400 వచ్చిన ఏడాది పాత మిల్లు 2.4 లక్షలు మిగిల్చింది. కొత్త లైన్ ఉండి ఉంటే లక్షన్నర ఎదురు పెట్టాల్సి వచ్చేది. ఐదేళ్లు కలిపితే తేడా 4.5 లక్షలే, పెద్దదేం కాదు. కానీ ఆ ఒక్క చెడ్డ ఏడాది కిస్తీకి ఎవర్ని అడుక్కోవాలి? పైగా అప్పు తీరాక ఏడేళ్ల తర్వాత ఆ లైన్ నిజంగానే బంగారం, స్థిర ఖర్చు 56 లక్షలే ఉంటుంది. అక్కడిదాకా ఒక్క కిస్తీ తప్పకుండా చేరాలి, అదీ కష్టం.

9,400 ఎందుకు వచ్చిందని అడిగితే మామ నవ్వాడు. "దీపావళికి వాన కొట్టింది. పత్తి తడిసింది. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనది. పైసలు కావాల్నని రైతులు ప్రైవేటోళ్లకు అమ్ముకున్నరు." గులాబీ పురుగు పడితే రెండో ఏరివేతతోనే చేలు దున్నేస్తారు, మూడో ఏరివేత పత్తి మిల్లుకి రాదు. ఇవేవీ ఆయన చేతిలో లేవు. బేళ్ల సంఖ్య ఇంతలా ఊగే ఊళ్లో స్థిర ఖర్చు పెంచుకోవడం నాకు మొదట్నుంచీ నచ్చలేదు, లెక్క చూశాక కారణం దొరికింది.

"మరి నేనే పత్తి కొని, దూది, గింజ అమ్ముకుంట. అప్పుడు బేళ్లు ఎక్కువైతయ్ గదా?" అన్నాడు మామ. ఇక్కడ ఈ లెక్క పనికిరాదు. బేల్‌కి 600 మిగులుతుందన్నది కూలికి ఆడినప్పుడే నిజం. సొంతంగా కొంటే ఆ 600 ధరల మధ్య సందులోంచి రావాలి. బేల్‌కి ఐదు క్వింటాళ్లు కదా, దూది ధర కదలకుండా పత్తి ధర క్వింటాకి వంద రూపాయలు పెరిగినా బేల్ మీద 500 పోతుంది. మిగిలేది వంద. 54 లక్షలు రాబట్టాలంటే 54,000 బేళ్లు కట్టాలి. ఆ మిల్లు ఎంత ఆడినా అన్ని కట్టలేదు.

కొత్త లైన్‌ని పూర్తిగా కొట్టేయలేదు నేను. ఈ లెక్కలో అన్నిటికంటే మెత్తటి అంకె ఆ 150 రూపాయల ఆదా. సీజన్‌లో హమాలీలు దొరకడం ఏటేటా కష్టమవుతోందని మామే చెప్తాడు. కూలి రేటు పెరిగి ఆదా 200 అయిందనుకోండి, 18 లక్షలు భాగించు 200, గీత 9,000కి దిగుతుంది. అప్పుడు పోయిన ఐదు సీజన్లూ గీతకి పైనే ఉంటాయి. జవాబే తిరగబడుతుంది. కాకపోతే అప్పుడు పాత మిల్లు కాంట్రిబ్యూషన్ కూడా 550కి పడి, దాని బ్రేక్ ఈవెన్ 9,800 దాటుతుంది. అంటే లైన్ పెట్టకపోవడం కూడా రిస్కే.

మామ ఈ సీజన్‌కి ఆగాడు. ఇంటి కాయితాలు బీరువాలోనే ఉన్నాయి. మిషిన్ల డీలర్‌కి సంక్రాంతి తర్వాత మళ్లీ రమ్మని చెప్పాడట. ఈలోగా రోజూ రాత్రి నాకు రెండు అంకెలు వాట్సాప్ చేస్తున్నాడు: ఆ రోజు కట్టిన బేళ్లు, హమాలీకి ఇచ్చిన పైసలు. నిన్నటి లెక్క 118 బేళ్లు, బేల్‌కి హమాలీ కిందటేడు కంటే 22 రూపాయలు ఎక్కువ.