మేకపోతు ఫోటో, బందైన మార్కెట్‌ప్లేస్

బక్రీద్ దగ్గరపడ్డదంటే మా పాలంపేట దిక్కు కుర్రాళ్లు ఒక సవాల్ అడుగుతారు: "భాయ్‌జాన్, ఫేస్‌బుక్‌ల బక్రా అమ్మకానికి పెడితే తీసేస్తున్రు. మళ్ల పెడితే మార్కెట్‌ప్లేసే బంద్ చేస్తున్రు. మనోళ్లమని గదా?"

ఆ షక్ ఎందుకు పుడుతుందో నాకు తెలుసు. అన్ని దిక్కులా పేరు చూసి మాట్లాడే జమానా ఇది. కానీ ఈ ఒక్క సంగతిలో అసలు వజహ్ వేరే. ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ అమ్మకాల నియమాల్లో జంతువుల అమ్మకమే మనా. కుర్బానీ బక్రా ఒక్కటే కాదు. మన పక్క వాడకట్టు గొల్లకురుమల గొర్రెలకూ, బర్రెకూ, కోడిపుంజుకూ, కుక్కపిల్లకూ అదే ఉసూల్. జంతువుల కొమ్ములు, ఎముకలు, పళ్లు అమ్మడానికీ ఇజాజత్ లేదు. బోను అమ్ముకోవచ్చు గానీ బోనులోని జీవాన్ని అమ్మరాదు.

ఒక మిసాల్ తీసుకుందాం. రామప్ప చెరువు కట్ట మీద మేపుకునే రెండు మేకపోతులు ఒక ఇంట్లో ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటి 18,000 అని ఆ ఇంటి పిల్లగాడు ఫోటో పెడతాడు. కాసేపటికి ఆ లిస్టింగ్ పోతుంది. ఇది మొదటి మెట్టు. ఇక్కడ పోయింది సామాను ప్రకటన ఒక్కటే, అమ్ముకునే హక్కు ఇంకా ఉంది. "బక్రా అనే లఫ్జ్ పట్టుకున్నరు" అనుకుని వాడు ఈసారి "తెల్లది, దో దాంత్, గట్టిగుంది" అని రాస్తాడు. రాతను మార్చినా ఫోటోలో మేక మేకే కదా, దాన్నీ చూస్తారు. అదీ పోతుంది. అట్లా నియమం తప్పుతూ పోతే చివరికి ఆ ఖాతాకు మార్కెట్‌ప్లేసే మూసేస్తారు. ఇది రెండో మెట్టు. ఇక ఆ ఖాతా నుంచి పాత సైకిల్ కూడా అమ్మలేడు. అప్పుడు అమ్మీ ఫోన్ తీసుకుని అదే ఫోటో పెడితే, రేపు అమ్మీ ఖాతాకూ అదే గతి పడుతుంది.

మూసేశారా, అసలు తెరుచుకోలేదా అన్నది ముందు తేల్చుకోవాలి. మార్కెట్‌ప్లేస్ 18 ఏళ్లు నిండినవాళ్లకే. కొత్తగా తెరిచిన ఖాతాకు అది వెంటనే రాదు. అందుకే పాత ఖాతాకు బంద్ అయిందని కొత్తది తెరవడం బేకార్ పని. ఖాతా పాతదై, నిన్నటి దాకా అమ్మకాలు సాగి, ఇవాళ తెరిస్తే "కొనలేరు, అమ్మలేరు" అని కనబడితే, అది మూసేసినట్టు.

మూసేస్తే దర్ఖాస్త్ పెట్టుకునే దారి ఉంది. ఫేస్‌బుక్‌లో Marketplace తెరిచి Request Review నొక్కాలి. అడిగింది నింపి పంపాలి. జవాబ్ Support Inbox లో వస్తుంది, అది చూస్తుండాలి. కానీ ఈ దర్ఖాస్త్ ఎవరికి పనికొస్తుందో గుర్తుపెట్టుకోండి. మేకల బోను అమ్మకానికి పెట్టి, ఫోటోలో పక్కన మేక నిలబడితే, దాన్ని మేక అమ్మకం అనుకుని తీసేయవచ్చు. అది గలత్‌ఫహమీ. "నేను అమ్మేది బోను మాత్రమే" అని సాఫ్‌గా రాస్తే నిలిచే దర్ఖాస్త్ అది. నిజంగానే బక్రాను అమ్మకానికి పెట్టినవాడికి ఆ మాట చెప్పుకునే జాగా లేదు. "పండుగ కదా" అన్న జవాబుకు ఆ నియమంలో చోటు లేదు.

దుకాణం లెక్క పేజీ పెట్టి అమ్మాలనుకునే మన ఆపాలు, చెల్లెళ్లకు షరతులు ఇంకా ఎక్కువ. బుర్ఖాలు కుట్టి అమ్మే ఆపానే తీసుకోండి. ఆ పేజీ ఆమె సొంత వ్యాపారానిదై ఉండాలి. వెబ్‌సైట్ చూపిస్తే అదీ ఆమెదే కావాలి. ఆ సౌకర్యం ఉన్న దేశంలో ఉండాలి. ధర, సరుకు ఉందా లేదా అన్నది సచ్ రాయాలి. అన్నిటికన్నా ఎక్కువగా భరోసా కావాలి. నిన్న తెరిచి, నలుగురు కూడా చూడని పేజీ మీద వాళ్లకు భరోసా కుదరదు. సరుకు హలాలైనా, పేజీకి కొంత ఉనికి వచ్చేదాకా సబర్ చేయక తప్పదు.

మళ్లీ బక్రా దగ్గరికి వద్దాం. వాట్సాప్‌లో వ్యాపార ఖాతా తెరిచి కేటలాగ్‌లో పెడదామంటే అక్కడా జంతువులు మనానే. కాబట్టి బక్రీద్ బేరానికి మన వారపు అంగడి, తెలిసినవాళ్లకు ఒక ఫోన్ కాల్ ఇంకా పక్కా దారులు. అంగట్లో కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, వెన్ను నిమిరి చూస్తాడు, చేతిలో పైసలు పెట్టి పోతాడు. ఏడాదంతా సాకిన జీవం మీద వచ్చే ఆ పైసల కోసం, ఇంట్లో అందరి ఖాతాలనూ పోగొట్టుకోవద్దు.