సగటుకా, ఒక్క ఇంటికా?

జంషెడ్‌పూర్ అగ్రికోలో 25 ఇళ్ల వైశాల్యానికీ, నెలవారీ కరెంటు యూనిట్లకీ రిగ్రెషన్ రేఖ గీశామనుకోండి. సగటు వైశాల్యం 600 చదరపు అడుగులు. అక్కడ రేఖ చెప్పే అంచనా 200 యూనిట్లు. s = 30, 95 శాతానికి t = 2.069 (స్వేచ్ఛాంశాలు 23).

600 అడుగుల ఇళ్లన్నిటి సగటు అడిగితే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ వేయాలి:

2.069 × 30 × √(1/25) ≈ 12, అంటే 188 నుంచి 212.

అదే వైశాల్యమున్న ఒక కొత్త ఇంటి వాడకం అడిగితే ప్రిడిక్షన్ ఇంటర్వెల్:

2.069 × 30 × √(1 + 1/25) ≈ 63, అంటే 137 నుంచి 263.

ఆ అదనపు 1 ఎందుకు? రేఖ కచ్చితంగా తెలిసినా ఒక్కో ఇల్లు దానికి అటూ ఇటూ ఉంటుంది. డేటా పెంచేకొద్దీ మొదటి ఇంటర్వెల్ సున్నా వైపు కుదించుకుపోతుంది. రెండోది, s మారకపోతే, ±59 దగ్గరే ఆగిపోతుంది. 600కు దూరం జరిగితే రెండూ వెడల్పవుతాయి. ఒక కుటుంబం వాడకానికి 188–212 రాస్తే ఆ 95 శాతం హామీ నిలవదు. అందుకే ప్రశ్నలో "సగటు" అన్నారా, "ఒక" అన్నారా ముందు చూడండి.