సరితలో ఒక హెచ్

ఖాతాలో తప్పుగా పడిన పేరును దిద్దమని బ్రాంచి మేనేజరుకు రాసే అర్జీ ఒక పేజీ దాటదు. పాస్‌బుక్‌లో SARITA అనీ, ఆధార్, పాన్ కార్డుల్లో SARITHA అనీ ఉన్న ఖాతాదారును తీసుకుంటే విషయం తేటపడుతుంది.

తెలుగువాళ్లు ట కోసం T వాడుకుని, త కోసం TH రాస్తారు. హిందీ ప్రాంతాల్లో త కి T చాలు, TH థ కి పోతుంది. ఆ అలవాటుతో పేరు ఎక్కించినవారికి సరితలో హెచ్ అదనంగా కనిపిస్తుంది. అది అదనం కాదు. సరిత సరిట కాకుండా కాపాడేది ఆ హెచ్చే. సునీతకూ, లతకూ, కవితకూ అదే కాపలా. కన్నవాళ్లు పెట్టి, బడి రిజిస్టరులో రాయించిన పేరులో ఒక అక్షరాన్ని కౌంటర్ దగ్గర "ఏముందిలెండి" అని వదిలేయడం అన్యాయం. LAKSHMI, LAXMI కూడా చెవికి ఒకటే. కంప్యూటరు మాత్రం చెవితో వినదు, అక్షరాలను పోల్చి చూస్తుంది. అందుకే పీఎఫ్ క్లెయిమ్ వంటివి ఇలాంటి తేడా దగ్గరే ఆగిపోతుంటాయి.

అర్జీ రాసేముందు ఆధార్, పాన్ రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూడాలి. వాటిలోనే తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోవాలి. అర్జీలో తేదీ, ఖాతా నంబరు, పాస్‌బుక్ మీద ఉండే సీఐఎఫ్ నంబరు రాసి, రెండు పేర్లనూ పెద్ద అక్షరాల్లో ఒకదాని కింద ఒకటి పెట్టాలి.

```
ఇప్పుడు ఉన్నది: SARITA
ఉండవలసినది: SARITHA
```

"పాస్‌బుక్‌లో సరిచేయండి" అని కాక "కస్టమర్ రికార్డులో సరిచేయండి" అని రాయడం మేలు. సీఐఎఫ్ కింద ఉన్న ఖాతాలకూ డిపాజిట్లకూ పేరు అక్కడినుంచే వస్తుంది. అదే మనిషికి పొరపాటున రెండు సీఐఎఫ్‌లు ఉంటే రెండో దానిలో తప్పు అలాగే మిగిలిపోతుంది కాబట్టి, ఆ నంబరు కూడా రాయాలి.

సంతకం బ్యాంకులో ఉన్న నమూనా ప్రకారమే చేయాలి. పేరు మారుతోందని కొత్త సంతకం పెడితే అది సరిపోలక అర్జీ తిరిగిరావచ్చు. ఆధార్, పాన్ జిరాక్సుల మీద సంతకం చేసి జతపరచి, అసలు కార్డులు వెంట తీసుకెళ్లాలి. అర్జీ రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి.

ఈ పద్ధతి అక్షరదోషానికే సరిపోతుంది. పెళ్లితో ఇంటిపేరు మారితే వివాహ ధ్రువపత్రం, పేరే మార్చుకుంటే గెజిట్ ప్రకటన కావాలి.

పని అయిందన్న నోటిమాటతో తృప్తిపడకూడదు. కొత్త పాస్‌బుక్ అచ్చు వేయించుకుని, మొదటి పేజీలో పేరును ఒక్కో అక్షరమే చదవాలి. అక్కడ T పక్కన H కనిపిస్తే సవరణ పూర్తయినట్టు.