బుధవారం గంట

శాఖా గ్రంథాలయాధికారి గారికి,
ఉండి.

అయ్యా,

బుధవారం సాయంత్రం 4 నుంచి 5 వరకు పత్రికల గదిలో మన ఊరి పెద్దవాళ్ళకు మాటల ఆట పెట్టుకోనిస్తారా అని అడగడానికి రాస్తున్నాను. తెలుగు పంతులుగా తరగతిలో పిల్లలతో ఏళ్ళ తరబడి ఆడించిన ఆటే ఇది. ఒకరు చెప్పిన మాట చివరి అక్షరంతో తర్వాతివారు మాట చెప్పాలి. గుణింతం ఏదైనా సరే, హల్లు కలిస్తే చాలు.

ఉండి అని మొదలుపెడితే డొంక, కొల్లేరు, రొయ్య, యాత్ర అని సాగుతుంది. యాత్ర దగ్గర తగువు వస్తుంది: అందుకోవాల్సింది తకారమా, రకారమా? ఒత్తక్షరంలో ఏ హల్లయినా తీసుకోవచ్చని ముందే చెప్పుకుంటే రేవు, వల, లంక, కోళ్ళు అని ముందుకు పోతుంది. ‘ళ’తో మొదలయ్యే మాట తెలుగులో దొరకదు కాబట్టి దాన్ని ‘ల’గా తీసుకుంటే లాకు వస్తుంది. తోరణం లాంటి మాట వచ్చినప్పుడు ‘ణ’ను ‘న’గా తీసుకోవాలి. ఈ సర్దుబాట్లు లేకపోతే ఆట పదిమాటలకే ఆగిపోతుంది.

పిల్లల ఆటలో చెప్పలేనివాడు ఔటయ్యేవాడు. దాంతో చురుకైనవాళ్ళు నలుగురే మిగిలేవారు, ఎవరికి సాధన కావాలో వాళ్ళు గోడవారన కూర్చునేవారు. ఇక్కడ ఔట్ వద్దు. మాట నాలుక చివర ఆగినవారికి పక్కవాళ్ళు మొత్తం మాట అందించకూడదు. మొదటి అక్షరం, అదీ చాలకపోతే రెండోది చెప్పాలి. తడుముకుని తనంతట తాను పట్టుకుంటేనే ఆ మనిషికి ఆడినట్టుంటుంది. వినికిడి తగ్గినవాళ్ళూ ఉంటారు, ప్రతి మాటనూ బోర్డు మీద అరచేయంత అక్షరాలతో నేను రాస్తాను.

చదువు రానివాళ్ళనూ పిలవాలన్నది నా గట్టి కోరిక. నోటితో ఆడే ఆటకు అక్షరజ్ఞానం అడ్డు కాదు. చేలోనూ చెరువు గట్టునా బతికినవాళ్ళ దగ్గర పుస్తకం చూడని మాటలుంటాయి. మాట మీద అనుమానం వస్తే మీ బీరువాలోని నిఘంటువు తీద్దాం. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం ఉంటే మరీ మంచిది. అందులో లేనంత మాత్రాన మాట తప్పని కొట్టేయకూడదు. రెండు వేర్వేరు ఊళ్ళవాళ్ళు ఒకే అర్థం చెబితే ఒప్పుకుందాం. ఒకే ఇంటివాళ్ళ సాక్ష్యం చాలదు, అది ఆ ఇంటి ముద్దుమాట కావచ్చు.

అలా ఒప్పుకున్న మాటను ఒక పెద్ద నోటుపుస్తకంలో ఎక్కిద్దాం. మాట, అర్థం, ఏ పనిలో వాడతారు, ఏ ఊళ్ళో విన్నారు అన్నవి రాస్తే చాలు. నిండాక ఆ పుస్తకం గ్రంథాలయానిదే.

బోర్డూ సుద్దముక్కలూ నేను తెచ్చుకుంటాను. చేతులున్న కుర్చీలు కొన్ని కావాలి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు బల్లల మీద గంట కూర్చోలేరు. పేపరు చదువుకునేవారికి ఇబ్బందయితే వరండా అయినా చాలు, కానీ వీధి మోతకు మాట వినపడదని నా భయం. మీకు ఏ వారం వీలో కబురు చేయండి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, ఉండి.